మొదటి రోజు, మూడడుగుల కిటికీ

వెల్డింగ్ షాపులో చేరితే మొదటి రోజే చేతికి వెల్డింగ్ రాడ్డు పట్టే హోల్డర్ ఇస్తారని అనుకున్నాను. మేస్త్రి ఇచ్చింది టేపు. "ఆ కిటికీ కొలిచి రాయి" అని, ఒక సుద్దముక్క కూడా పడేశాడు.

ఏలూరులో ఒక రిటైరైన లెక్కల మాస్టారి ఇల్లు అది. వీధిలో రెండిళ్ల అవతల దొంగతనం జరిగిందట. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు ఉన్నా లోపలివైపు ఇనుప గ్రిల్ కావాలన్నారు. నాకు అప్పటికి పద్దెనిమిది నిండి రెండు నెలలు. ఇంటర్ అయిపోయింది, పై చదువు కుదర్లేదు. మంగళవారం కొత్త పని మొదలెట్టకూడదని అమ్మ పట్టుబడితే బుధవారం చేరాను.

కిటికీ పైభాగంలో టేపు పెట్టి చూశాను. ముప్పై ఆరు అంగుళాల రెండు నూళ్లు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా షాపులో కిటికీ కొలతంతా అంగుళాలు, నూళ్లలో ఉంటుంది. ఇనుము కోతకొచ్చేసరికి అది మిల్లీమీటర్లలోకి మారిపోతుంది. ఎందుకని ఇప్పటికీ ఎవరినీ అడగలేదు, నేనూ అలాగే చేస్తున్నాను. సరే, కొలిచింది సుద్దతో గోడ మీద రాసి మేస్త్రికి చూపించాను.

"మధ్యలో?" అన్నాడు.

మధ్యలో సరిగ్గా ముప్పై ఆరు. కింద చూస్తే ముప్పై ఐదుంబావు దాటి, ముప్పై ఐదు మీద ఆరు నూళ్లు. పైకీ కిందకీ అర అంగుళం తేడా. కంటికి ఆ కిటికీ నిక్కచ్చిగా దీర్ఘచతురస్రంగా కనిపిస్తోంది. గోడ అంచున అరచెయ్యి పెట్టి కిందికి జారిస్తే అప్పుడు తెలిసింది, గ్రానైట్ బండ దగ్గర ప్లాస్టరింగ్ లావుగా ఉబ్బి ఉంది. ఎత్తు కూడా అంతే, ఎడమవైపు నలభై ఎనిమిది, కుడివైపు నలభై ఏడు మీద ఆరు నూళ్లు.

"నీ కొలతకి చేసుకొస్తే పైన దూరి కింద ఇరుక్కునేది. అప్పుడు గోడ చెక్కాలి, లేకపోతే గ్రిల్ కొయ్యాలి. కొత్త పెయింటు గోడ చెక్కితే మాస్టారు ఊరుకుంటారా?" అన్నాడు మేస్త్రి. అన్ని కొలతల్లో చిన్నదే పట్టుకుని, దాంట్లోంచి ఇంకొంచెం తీసేస్తారు. వెడల్పు ముప్పై ఐదున్నర, ఎత్తు నలభై ఏడుంబావు అని తేల్చాడు. మిల్లీమీటర్లలో 902, 1200. పక్కల మిగిలే సందు తర్వాత సిమెంటుతో పూడుస్తారు. ఎత్తులో మరికాస్త ఎక్కువ వదిలింది, కింద ముక్కలు పెట్టి మట్టం సరిచేసుకోవడానికి.

షాపుకి వచ్చాక ఇనుము బయటికి లాగాం. చుట్టూ ఫ్రేముకి ఇంచి పట్టీ, అంటే 25 ఎంఎం వెడల్పు, 5 ఎంఎం మందం. నిలువు కడ్డీలకి 12 ఎంఎం చదరపు రాడ్డు. మధ్యలో అడ్డంగా ఇంకో పట్టీ, కడ్డీలను ఎవరూ వంచి సందు పెద్దది చేయకుండా. కోసేది ఆయన, పట్టుకునేది నేను. కడ్డీల మధ్య సందు ఎంత ఉండాలో లెక్కేయమన్నాడు. టెన్త్ లెక్కల్లో తొంభై రెండు వచ్చాయని ఉదయం నేనే గొప్పగా చెప్పుకున్నానుగా మరి.

వెడల్పు 902. రెండు పక్కల పట్టీ మందం పది పోతే లోపల 892. ఏడు కడ్డీలు, ఒక్కోటి పన్నెండు, మొత్తం 84. మిగిలింది 808. దీన్ని నేను ఏడుతో భాగించాను. మేస్త్రి నవ్వి, "నీ చేతివేళ్లు ఎన్ని, సందులెన్ని?" అని తన అయిదు వేళ్లు విప్పి రెండు గోడల మధ్య పెట్టినట్టు చూపించాడు. వేళ్ల మధ్య నాలుగు సందులే, కానీ అటు గోడకీ ఇటు గోడకీ ఉన్నవి కలిపితే ఆరు. ఏడు కడ్డీలకి ఎనిమిది సందులు. 808ని ఎనిమిదితో భాగిస్తే 101. దగ్గర దగ్గర నాలుగు అంగుళాలు. చిన్నపిల్లల తల దూరకుండా నాలుగంగుళాలు దాటనివ్వడు ఆయన.

ఆ 101కి ఒక చెక్కముక్క కోసి నాకిచ్చాడు. టేపుతో ఒక్కో సందూ కొలుచుకుంటూ పోతే ప్రతిసారీ అర మిల్లీమీటరు తప్పినా చివరి సందుకి వచ్చేసరికి తప్పంతా అక్కడే పోగవుతుందట. అందుకని పట్టీ మీద గుర్తులన్నీ ఒకే కొస నుంచి, టేపు కదపకుండా పెట్టాలి. చెక్కముక్క ఆ గుర్తుల్ని సరిచూసుకోవడానికి. దాని మీద పెన్సిలుతో 101 అని రాసి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు నేను చేసిన పనిలో సగం ఆ ముక్కతోనే.

నాలుగు పట్టీలూ ఇనుప బల్లపై పరిచి, మూలలు తొంభై డిగ్రీలు వచ్చేలా గునియా పెట్టి టాకాలు వేశాడు. టాకా అంటే పూర్తి వెల్డు కాదు, పెసరగింజంత చుక్క. ముక్క కదలకుండా పట్టుకోవడానికి మాత్రమే. మిషను దగ్గర కూర్చునే ముందు ఆయన నాకు చెప్పింది ఒక్కటే, "నేను కళ్లు అంటే కళ్లు మూసుకుని తల తిప్పు." ఆయన మొహానికి నల్లద్దం షీల్డు ఉంది. షాపులో రెండోది ఉంది కానీ దాని అద్దం పగిలిపోయి వారమైందట.

నాలుగు టాకాలు పడ్డాక క్రాస్ కొలవమన్నాడు. ఒక మూల నుంచి ఎదురు మూలకి 1505 వచ్చింది. రెండోవైపు 1497. గునియా పెట్టి చేసినా ఎనిమిది మిల్లీమీటర్ల తేడా. తప్పు నాదేమో, ముక్క సరిగా పట్టుకోలేదేమో అని గుండె దడదడలాడింది. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇనుము కరిగి చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పట్టీని వెల్డు పడ్డ వైపుకి లాగుతుంది. లోపలి మూలలో టాకా వేస్తే ఆ మూల కాస్త మూసుకుంటుంది. గునియా వేడి మీద చెప్పింది నిజమే, చల్లారాక మాట మారుస్తుంది అన్నాడు.

"రెండూ ఎంత రావాలి?" అని అడిగాడు.

నేను తడబడ్డాను. ఆయనే చెప్పాడు. అటు తొమ్మిది వందలు, ఇటు పన్నెండు వందలు అయితే క్రాస్ పదిహేను వందలు. మూడు, నాలుగు, ఐదు. మనది 902 కాబట్టి 1501. బడిలో పైథాగరస్ సిద్ధాంతం నేను అయిదుసార్లు నిరూపించి ఉంటాను, దాంతో కిటికీ సరిచూడొచ్చని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

సుత్తి నా చేతికిచ్చి, మూల మీద చెక్క అడ్డం పెట్టి కొట్టమన్నాడు. ఏ మూల అనేది చెప్పలేదు. తక్కువ వచ్చిన వైపు పెంచాలి కదా అని ఆ మూల మీదే కొట్టాను. మళ్లీ కొలిస్తే 1507, 1495. వెనక నించున్న పాత కుర్రాడు పకపకా నవ్వాడు. కొట్టాల్సింది ఎక్కువ వచ్చిన మూలని. దాన్ని లోపలికి నెడితే రెండోది దానంతట అదే బయటికి వస్తుంది. ఫ్రేము నిలబెట్టి, పొడుగు క్రాస్ ఉన్న మూల కింద చెక్క పెట్టి, పై మూల మీద నాలుగు దెబ్బలు వేశాను. 1501, 1501. ఒకటి అర మిల్లీమీటరు ఎక్కువేమో, అది ఒప్పుకుంటాడట.

"ఇప్పుడు పూర్తిగా వెల్డు చేసి ఉంటే నువ్వు పొద్దుగూకే దాకా కొట్టినా కదిలేది కాదు" అన్నాడు. అందుకే గ్రిల్ మొత్తం, కడ్డీలతో సహా, ముందు టాకాల మీదే నిలబెడతారు. క్రాస్ ఇంకోసారి చూసుకున్నాకే పూర్తి వెల్డు. అది కూడా వరసగా కాదు. ఈ మూల చేశాక ఎదురు మూల, ఈ కడ్డీ పైకొస చేశాక అటు చివరి కడ్డీ కిందికొస. ఒకే పక్క వేడంతా పెడితే ఫ్రేము గాలిపటంలా మెలితిరుగుతుంది.

ఏడు కడ్డీలకి పద్నాలుగు కొసలు. ప్రతి కొస దగ్గరా చెక్కముక్క పెట్టి, కడ్డీ నిటారుగా పట్టుకుని నేను కూర్చుంటే, ఆయన "కళ్లు" అనేవాడు. నేను మూసుకునేవాణ్ణి. మొదట్లో. ఆరో కొస దగ్గర అనుకుంటా, కడ్డీ కదిలిందేమోనని ఒక్క క్షణం తెరిచాను. తెల్లటి మెరుపు, అంతే, ఏమీ కాలేదు. ఆ తర్వాత భయం పోయింది. ఎలాగూ రెప్పపాటే కదా అని చాలాసార్లు ఓరకంట చూశాను. ఆ వెలుతురులో ఇనుము నీళ్లలా కదులుతుంటే చూడకుండా ఉండటం కష్టం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షీల్డు నాకిచ్చి, మధ్య పట్టీ వెనకవైపు, కనపడని చోట ఒక వెల్డు వేయమన్నాడు. రెండున్నర ఎంఎం వెల్డింగ్ రాడ్డు, మిషను ఎనభై ఆంపియర్ల దగ్గర. షీల్డు దించితే నల్లటి అమావాస్య. రాడ్డు ఇనుముకి ఆనించాను, అతుక్కుపోయింది. లాగితే గ్రిల్ అంతా కదిలింది, రాడ్డు మాత్రం ఎర్రబడుతోంది. ఆయన హోల్డర్ నొక్కి రాడ్డు వదిలించి, అటూ ఇటూ తిప్పి ఊడదీశాడు. "పొడవకు. అగ్గిపుల్ల గీసినట్టు గీసి, అంటుకోగానే కాస్త ఎత్తు. రాడ్డు లావంత ఎత్తు, అంతకంటే వద్దు." రెండోసారీ అతుక్కుంది. మూడోసారి అంటుకుంది కానీ భయంతో ఎక్కువ ఎత్తేశాను. చిటపటమని రవ్వలు చిమ్మి, వెల్డు కాస్తా కాకిరెట్టలా చెల్లాచెదరైంది. సరిగ్గా ఉన్నప్పుడు శబ్దం వేరట, పెనం మీద అట్టు వేగుతున్నట్టు ఒకే తీరుగా వస్తుంది. ఆ రోజు నా చేతిలో అట్టు ఒక్కసారి, బహుశా రెండు సెకన్లు వేగింది. చల్లారాక పైన కట్టిన పెంకు సుత్తితో రాల్చి చూశాడు, మారుమాట్లాడకుండా గ్రైండర్‌తో కోసేసి తనే మళ్లీ వేశాడు.

రెడ్ ఆక్సైడ్ ఒక పూత పూసి, బోల్టులు వచ్చే ఆరు చోట్ల మాత్రం ఇనుము వట్టిగా వదిలాం. రంగు మీద వెల్డు చేస్తే పొగ లోపల ఇరుక్కుని వెల్డు జల్లెడలా అవుతుంది. నాలుగింటికి ఆటోలో వేసుకుని మాస్టారింటికి చేరాం. పధ్నాలుగున్నర కిలోలు ఉంటుంది గ్రిల్. ఇద్దరం ఎత్తి కిటికీలో పెడితే దూరింది. నేను గట్టిగా ఊపిరి వదిలాను. బిగించడం అయిదు నిమిషాల పని అనుకున్నాను.

గంటన్నర పట్టింది.

పక్క పట్టీలకి ఒక్కోదానికి మూడు బెజ్జాలు షాపులోనే కొట్టుకొచ్చాం. వాటిలోంచి గోడకి డ్రిల్ చేద్దామంటే మిషను పట్టదు, పక్కనే కడ్డీ అడ్డం. అందుకని గ్రిల్ నిలబెట్టి, కింద పలచటి ముక్కలు పెట్టి రసమట్టంతో సరిచూసి, బెజ్జాల్లోంచి గోడ మీద మేకుతో గుర్తులు గీసి, మళ్లీ బయటికి తీశాం. అప్పుడు డ్రిల్. మొదట ప్లాస్టరింగులో తెల్లపొడి రాలింది, తర్వాత ఇటుక తగలగానే ఎర్రపొడి. "ఎర్రపొడి వచ్చాకే లోతు లెక్కపెట్టు, ప్లాస్టరింగుకి బలం లేదు" అన్నాడు. ఒకచోట ఎరుపు మధ్యలో మళ్లీ బూడిదరంగు పొడి వచ్చి బిట్టు సర్రున లోపలికి జారింది. రెండు ఇటుకల మధ్య సిమెంటు అతుకు. అక్కడ బోల్టు పట్టదని ఆ బెజ్జం వదిలేసి, పట్టీకి అంగుళంన్నర పైన ఇంకోటి కొట్టాడు. బోల్టులు మూడంగుళాలవే తెచ్చాడు. ఎందుకో అప్పుడు అర్థమైంది. నాలుగంగుళాల సందులో అంతకంటే పొడుగు బోల్టు అడ్డంగా దూరదు.

గ్రిల్ మళ్లీ పెట్టి బోల్టులు దోపాం. ఎడమవైపు బిగించమని స్పానర్ నాకిచ్చి ఆయన కుడివైపుకి వెళ్లాడు. కిందిది బిగించాను, మధ్యది బిగించాను. పైది బిగిస్తుంటే బాగా తిరుగుతోంది, బలంగా లాగాను. జేబులోంచి చెక్కముక్క తీసి పై సందులో పెట్టి చూద్దామనిపించింది. ఎందుకనిపించిందో తెలియదు, బహుశా చేతికి పనిలేక. పెడితే లొడలొడలాడి కింద పడింది. పొద్దున కూడా అదే సందులో బిగుతుగా పట్టిన ముక్క.

మేస్త్రిని పిలిచాను. ఆయన వచ్చి పట్టీ మీద వేలు రాసి చూశాడు. కిటికీ కింద ఇరుకు, పైన వెడల్పు కదా. కింద పట్టీకీ గోడకీ మధ్య ఒక నూలే సందు ఉంది, పైన మూడు నూళ్లు. ఆ ఖాళీలో ఏమీ పెట్టకుండా బోల్టు బిగిస్తే గోడ కదలదు, పట్టీయే గోడవైపు వంగుతుంది. అలాగే వదిలేస్తే పక్క కడ్డీ వెల్డు మీద ఎప్పుడూ లాగుడు ఉంటుంది. బోల్టు వదులు చేసి, సందులో వాషర్లు దోపి, మళ్లీ బిగించాడు. చెక్కముక్క పెడితే పట్టింది. నన్ను మెచ్చుకోలేదు. "కుడివైపు కూడా చూడు" అన్నాడు, అంతే. నాకు అది చాలు అనిపించింది ఆ పూటకి.

చివరి పని, బోల్టు తలలు పట్టీకి వెల్డు చేయడం. స్పానర్ ఉన్న దొంగ ఎవడైనా విప్పేయకుండా. ఇన్వర్టర్ మిషను ఇంట్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకి పెట్టాం. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగానే వదిలేస్తే నన్ను తిట్టి మొత్తం విప్పించాడు, చుట్టలో వేడెక్కి కరిగిపోతుందట. కిటికీ అద్దానికి, గ్రానైట్ బండకి తడిపిన గోనెపట్టా కప్పి పట్టుకోవడం నా పని. నాలుగు బోల్టుల దాకా బాగానే పట్టుకున్నాను. అయిదోదానికి చెయ్యి లాగి, పట్టా బెత్తెడు కిందికి జారింది. రవ్వలు రెండు అద్దం మీద పడి టిక్కుమన్నాయి. తుడిస్తే పోతాయనుకుని గోటితో గీకాను. పోవు. రవ్వ అంటే కరిగిన ఇనుము, అది అద్దాన్ని కరిగించుకుని లోపల కూర్చుంటుంది. ఊడదీస్తే గుంట మిగులుతుంది. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని దగ్గరగా చూసి, "ఆవగింజంత ఉంది, పోనీలే" అన్నారు. డబ్బు లెక్క దగ్గర మాత్రం పోనివ్వలేదు. పన్నెండు ఎంఎం రాడ్డు మీటరుకి ఎంత బరువని అడిగి, కిలో నూట ముప్పై గ్రాములని మేస్త్రి చెప్పగానే, కడ్డీలు, పట్టీలు కాగితం మీద కట్టి, పధ్నాలుగు కిలోల నాలుగు వందలు అని తేల్చి ఆ వంద గ్రాములు తగ్గించారు.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను, పడుకున్నాను. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో మెలకువ వచ్చింది. రెండు కళ్లలోనూ ఎవరో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టుంది. తెరిస్తే లైటు గుచ్చుకుంటోంది, మూస్తే మంట, నీళ్లు ధారగా కారుతున్నాయి. గుడ్డివాణ్ణయిపోయానని ఏడ్చేశాను. పక్కింటి పిన్ని బంగాళాదుంప చక్రాలు పెట్టమంది, ఇంకొకరు చనుబాలు పోయమన్నారు. అమ్మ ఏదీ చేయనివ్వక, చల్లటి నీళ్లగుడ్డ కళ్ల మీద వేసి తెల్లారేదాకా మారుస్తూ కూర్చుంది. పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు చూడగానే, "వెల్డింగా?" అన్నారు. ఎండకి చర్మం కమిలినట్టు కంటి పైపొర కమిలిందన్నారు. మెరుపు చూసిన వెంటనే ఏమీ తెలియదు, ఆరేడు గంటలు పోయాక మొదలవుతుంది, అందుకే కుర్రాళ్లు ఏమీ కాలేదనుకుని చూస్తూనే ఉంటారట. ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే మానుతుంది. పరీక్ష కోసం తను వేసిన మత్తు చుక్కలు మందుల షాపులో కొనుక్కుని వేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పారు. నొప్పి పోయి హాయిగా ఉంటుంది కానీ పుండు మానదు, ముదిరితే చూపుకే ముప్పట. నేను చూడకుండా తల తిప్పుకున్నప్పుడు కూడా మాస్టారింట్లో తెల్లగోడ మీద పడ్డ వెలుతురు తిరిగి కళ్లలోకి వచ్చే ఉంటుందని కూడా అన్నారు. హోల్డర్ పట్టినవాడికంటే పక్కన ముక్క పట్టుకున్నవాడే తన దగ్గరికి ఎక్కువగా వస్తాడట.

శుక్రవారం షాపుకి వెళ్లేసరికి బల్ల మీద రెండో షీల్డు ఉంది, కొత్త నల్లద్దంతో. మేస్త్రి దాని సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మాస్టారు ఇంకో కిటికీకి కూడా చేయమన్నారని చెప్పి టేపు ఇచ్చి పంపాడు. ఈసారి ఒక్కణ్ణే. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు రెండు చోట్ల, రెండు క్రాసులూ కొలిచి, గోడ మీద కాకుండా కాగితం మీద నీటుగా ఒకదాని కింద ఒకటి రాసుకొచ్చి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు.

"బానే ఉంది. ఇందులో పైది ఏది, కిందది ఏది?"

సైకిలెక్కి మళ్లీ బయల్దేరాను.